1.6 మీటర్ల కేబుల్, 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్: ఐ టూ సీ లైన్ రైజ్ టైమ్ మీద ఒక కేస్ స్టడీ

బెంగళూరు పీణ్యలో ఒక చిన్న యూనిట్. కాంపోనెంట్ల స్టోర్ రూమ్‌లో ఉష్ణోగ్రత, తేమ ఎంతున్నాయో చూపించే ప్యానెల్ అక్కడ బిగించారు. ప్యానెల్ లోపల 3.3 వోల్టుల కంట్రోలర్, దాని పక్కనే 128 × 64 చుక్కల చిన్న డిస్‌ప్లే ఉన్నాయి. అక్కడి నుంచి 1.6 మీటర్ల రిబ్బన్ కేబుల్ బయటికి వెళ్లి, చివర సెన్సర్ బోర్డుకు చేరుతుంది. మూడూ ఒకే ఐ టూ సీ బస్ మీద 400 కిలో హెర్ట్జ్ క్లాక్‌తో నడవాలి. క్లాక్ మోసే ఎస్‌సీఎల్, డేటా మోసే ఎస్‌డీఏ లైన్లకు కంట్రోలర్ బోర్డు మీద చెరో 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ ఉంది.

కేబుల్ పీకేస్తే డిస్‌ప్లే రోజుల తరబడి తప్పు లేకుండా నడుస్తుంది. కేబుల్ పెట్టగానే సెన్సర్ రీడింగ్‌లలో చెక్‌సమ్ తప్పులు మొదలవుతాయి. ప్రతిసారీ కాదు, పది పన్నెండు రీడింగ్‌లకు ఒకటి తప్పుతుంది. తప్పిన బైట్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపించింది: 1 రావలసిన చోట 0 వస్తోంది, 0 రావలసిన చోట 1 మాత్రం ఎక్కడా రాలేదు. అది కూడా ఎక్కువగా 0 తర్వాత వెంటనే వచ్చే 1 దగ్గరే. ప్రోగ్రామ్‌లో తప్పుంటేనో, బయటి నాయిస్ వల్లనైతేనో తప్పులు రెండు వైపులా పడాలి. ఒకే వైపు పడుతున్నాయంటే లైన్ పైకి లేవడానికి టైమ్ చాలడం లేదన్నమాట.

స్కోప్ పెట్టి చూసిన టెక్నీషియన్ చెప్పిన మాట ఇంకా విచిత్రంగా ఉంది: "అన్నా, ఎస్‌డీఏ మీద ప్రోబ్ పెడితే పూర్తిగా చస్తోంది. అదే ప్రోబ్ ఎస్‌సీఎల్ మీద పెడితే ఒక్క తప్పూ రావట్లేదు." ఈ ఒక్క వాక్యంలోనే కేసు సగం తేలిపోతుంది. ఎలాగో తర్వాత చూద్దాం. ముందు లైన్ ఎలా లేస్తుందో చూడాలి.

లైన్ లేవడమంటే ఆర్‌సీ సర్క్యూట్‌కు స్టెప్ ఇవ్వడమే

ఐ టూ సీ లైన్‌ను ఏ చిప్పూ పైకి నెట్టదు. కిందికి లాగడానికి మాత్రం చిప్ లోపల ఒక ట్రాన్సిస్టర్ ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపు లైన్ సున్నా దగ్గర ఉంటుంది. ఆఫ్ అయిన క్షణం నుంచి లైన్‌ను పైకి తెచ్చే పని పుల్-అప్ రెసిస్టర్ ఒక్కదానిదే. ఆ రెసిస్టర్ గుండా వచ్చే కరెంటు, లైన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఉన్న మొత్తం కెపాసిటెన్స్‌ను ఛార్జ్ చేయాలి. సర్క్యూట్ డయాగ్రమ్‌లో ఆ కెపాసిటర్ ఎక్కడా గీసి ఉండదు. కేబుల్, బోర్డు ట్రాక్‌లు, చిప్ పిన్‌లు, కనెక్టర్ దగ్గరి ప్రొటెక్షన్ డయోడ్ అన్నీ తలా కాస్త కలిసి దాన్ని తయారు చేస్తాయి.

ట్రాన్సిస్టర్ వదిలిన క్షణాన్ని సున్నా సమయం అనుకుంటే, లైన్ వోల్టేజ్ ఇలా పెరుగుతుంది:

```
v(t) = V (1 − e^(−t/RC))
t    = −RC · ln(1 − v/V)
```

ఆర్, సీల లబ్ధమే టైమ్ కాన్‌స్టంట్, దాన్ని టౌ అంటాం. ఒక టౌ గడిచేసరికి వోల్టేజ్ చివరి విలువలో 63.2 శాతానికి, రెండు టౌలకు 86.5 శాతానికి, మూడింటికి 95 శాతానికి, ఐదింటికి 99.3 శాతానికి చేరుతుంది. ఈ కర్వ్‌కు ఒక గుణం ఉంది, ఈ కేసులో అదే కీలకం: పైకి వెళ్లేకొద్దీ వాలు తగ్గిపోతుంది. ఏ క్షణంలోనైనా వాలు అంటే ఇంకా ఎక్కాల్సిన వోల్టేజ్‌ను టౌతో భాగించినంత. అందుకే 3.3 వోల్టుల లైన్ సున్నా నుంచి సగానికి రావడానికి 0.69 టౌ చాలు, సగం నుంచి 90 శాతానికి వెళ్లడానికి మాత్రం 1.6 టౌ కావాలి.

రెండో సూత్రం నుంచి రైజ్ టైమ్ వస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్కోప్‌లు మామూలుగా చూపించేది 10 నుంచి 90 శాతం వరకు పట్టిన టైమ్. ఐ టూ సీ స్పెసిఫికేషన్ అడిగేది 30 నుంచి 70 శాతం వరకు పట్టిన టైమ్. ఒకే కర్వ్ మీద ఈ రెండింటి విలువలు ఇవి:

```
t(10–90) = RC · ln 9     = 2.197 RC
t(30–70) = RC · ln (7/3) = 0.847 RC
```

ఫాస్ట్ మోడ్‌లో, అంటే 400 కిలో హెర్ట్జ్ దగ్గర, రైజ్ టైమ్ 300 నానో సెకన్లు దాటకూడదు. 100 కిలో హెర్ట్జ్ స్టాండర్డ్ మోడ్‌లో 1000 నానో సెకన్ల వరకు ఒప్పుకుంటారు. స్కోప్ చూపిన 10–90 అంకెను నేరుగా ఈ 300తో పోల్చితే, బాగున్న లైన్ కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఏ రైజ్ టైమ్ అంకె పక్కనైనా అది ఏ శాతం నుంచి ఏ శాతం వరకో రాసుకోవాలి. లేకపోతే ఆ అంకెతో పనే లేదు.

కొలత: మొదటి రీడింగ్ ఎందుకు అబద్ధం చెప్పింది

మొదట 400 కిలో హెర్ట్జ్ దగ్గరే స్కోప్ ఆటో మెజర్‌మెంట్ వేసి చూస్తే ఎస్‌సీఎల్ రైజ్ టైమ్ 1.26 మైక్రో సెకన్లు అని వచ్చింది. ఆ అంకె తప్పు. తెర మీద అలను సరిగా చూస్తే లైన్ 3.3 వోల్టులకు చేరనే లేదని తెలుస్తుంది. 2.9 వోల్టుల దగ్గరికి వచ్చేసరికే ట్రాన్సిస్టర్ మళ్లీ కిందికి లాగేస్తోంది. స్కోప్‌కు ఆ సంగతి తెలియదు. తనకు కనిపించిన శిఖరాన్నే 100 శాతం అనుకుని, దాని మీద 10, 90 శాతాలు లెక్కేస్తుంది. కర్వ్‌లో అన్నిటికన్నా నెమ్మదైన పై భాగం లెక్కలోకే రాదు. ఫలితంగా రైజ్ టైమ్ అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. లైన్ ఎంత చెడితే ఈ పొరపాటు అంత పెరుగుతుంది గనుక ఇది ప్రమాదకరమైన తప్పు.

అదే తెర మీద ఇంకో గుర్తు కూడా ఉంది. క్లాక్‌ను 400 కిలో హెర్ట్జ్‌కు సెట్ చేసినా స్కోప్ మీద సుమారు 320 కనిపిస్తోంది. ఈ కంట్రోలర్ ఎస్‌సీఎల్‌ను వదిలాక, లైన్ నిజంగా పైకి వచ్చిందని తన పిన్ మీద చూసుకున్నాకే హై కాలాన్ని లెక్కించడం మొదలుపెడుతుంది. ప్రతి పీరియడ్‌లో 2.5 మైక్రో సెకన్లకు తోడు, లైన్ లేవడానికి పట్టే సుమారు 0.6 మైక్రో సెకను చేరుతోంది. సెట్ చేసిన క్లాక్‌కన్నా కొలిచిన క్లాక్ ఇంత తక్కువ ఉంటే, ఇంకేమీ చూడకముందే పుల్-అప్‌ను అనుమానించవచ్చు. అన్ని కంట్రోలర్లూ ఇలా ఆగవు. ఆగనివాటిలో క్లాక్ 400 దగ్గరే కనిపిస్తుంది, కానీ హై కాలం కుంచించుకుపోతుంది. అది ఇంకా చెడ్డది.

సరైన కొలతకు కింది పద్ధతి పాటించారు.

క్లాక్‌ను 100 కిలో హెర్ట్జ్‌కు తగ్గించారు. అప్పుడు లైన్‌కు పైన ఉండటానికి సుమారు 5 మైక్రో సెకన్లు దొరుకుతాయి. ఐదు టౌలకన్నా ఎక్కువ టైమ్ దొరికితేనే స్టెప్ పూర్తయినట్టు లెక్క. అలా పూర్తయిందని, పై గీత చదునుగా 3.3 వోల్టుల దగ్గర ఉందని కంటితో చూసుకున్నాకే కొలత మొదలుపెట్టాలి.

ప్రోబ్ స్విచ్‌ను ×10లోనే ఉంచారు. టెక్నీషియన్ చూసినప్పుడు మాత్రం అది ×1లో ఉంది. ×10లో ఈ ప్రోబ్ లైన్ మీద వేసే కెపాసిటెన్స్ 12 పికో ఫారడ్‌లు, ×1లో సుమారు 100. ప్రోబ్‌ను స్కోప్ ముందున్న కాలిబ్రేషన్ పిన్‌కు తగిలించి, చదరపు అల మూలలు గుండ్రంగానో మొనదేలో లేకుండా ట్రిమ్మర్‌ను సరిచేశారు. ఈ పని వదిలేస్తే ప్రోబ్ తన సొంత టైమ్ కాన్‌స్టంట్‌ను మన కర్వ్‌లో కలిపేస్తుంది.

ఆటో మెజర్‌మెంట్ పక్కన పెట్టి కర్సర్లు వాడారు. 3.3 వోల్టులలో 10, 30, 70, 90 శాతాలు వరుసగా 0.33, 0.99, 2.31, 2.97 వోల్టులు. కర్సర్లను ఆ వోల్టేజ్‌ల దగ్గరే పెట్టారు. అప్పుడు 10–90 టైమ్ 1.90 మైక్రో సెకన్లు, 30–70 టైమ్ 0.74 మైక్రో సెకను వచ్చాయి. స్కోప్ బ్యాండ్‌విడ్త్ 100 మెగా హెర్ట్జ్, అంటే దాని సొంత రైజ్ టైమ్ 3.5 నానో సెకన్లు. ఇంత నెమ్మది కర్వ్ మీద దాని ప్రభావం లెక్కలోకి రాదు.

రెండు టైమ్‌లనూ కొలవడం వల్ల ఒక లాభం ఉంది. స్వచ్ఛమైన ఒకే ఎక్స్‌పొనెన్షియల్ అయితే 10–90ని 30–70తో భాగిస్తే 2.59 రావాలి. ఇక్కడ 2.57 వచ్చింది, కర్సర్ పెట్టడంలో వచ్చే తేడాకు లోపలే ఉంది. అంటే ఒక ఆర్, ఒక సీగా ఈ లైన్‌ను లెక్కించడం న్యాయమే. ఈ నిష్పత్తి 2.59కి బాగా కిందికి పడితే ఒకటి, కర్వ్ పూర్తవకుండానే కొలుస్తున్నామేమో చూడాలి. రెండు, వోల్టేజ్ పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ తగ్గే వస్తువు, అంటే డయోడ్ జంక్షన్ లాంటిది, లైన్ మీద పెద్ద వాటాతో ఉందేమో చూడాలి. నిష్పత్తి బాగా పైకి పోతే కర్వ్‌కు పొడవాటి తోక ఉందని అర్థం. మధ్యలో సిరీస్ రెసిస్టర్, దాని వెనక ఇంకో కెపాసిటెన్స్ ఉన్నప్పుడు అలా జరుగుతుంది. అటువంటప్పుడు ఒకే టౌతో వేసిన లెక్కలు పనికిరావు.

ఆర్ ఎంత, సీ ఎంత

10–90 టైమ్‌ను 2.197తో భాగిస్తే టౌ 865 నానో సెకన్లు. దీని నుంచి సీ రావాలంటే ఆర్ ఖచ్చితంగా తెలియాలి. బోర్డు మీద 4.7 కిలో ఓమ్‌లు కనిపించినంత మాత్రాన లైన్ మీద ఉన్నది అంతేనని అనుకోకూడదు. బజారులో దొరికే డిస్‌ప్లే, సెన్సర్ మాడ్యూళ్లలో చాలావాటికి సొంత పుల్-అప్‌లు ఉంటాయి. అన్నీ పారలల్‌గా కలుస్తాయి. పవర్ తీసేసి మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలిస్తే చిప్‌ల లోపలి దారులు కూడా కలిసి రీడింగ్ తప్పుతుంది.

నమ్మదగిన పద్ధతి ఇది. బస్ పనిలో లేనప్పుడు, పవర్ ఉండగానే, లైన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య మిల్లీ యాంప్ రేంజ్‌లో మీటర్ పెట్టాలి. మీటర్ లైన్‌ను కిందికి లాగుతుంది, పుల్-అప్‌లన్నింటి కరెంటూ దాని గుండా పోతుంది. 0.70 మిల్లీ యాంప్‌లు వచ్చింది. 3.3ని దానితో భాగిస్తే 4.7 కిలో ఓమ్‌లు. అంటే మాడ్యూళ్లలో దాగిన పుల్-అప్‌లు ఏవీ లేవు. కంట్రోలర్ ఎస్‌సీఎల్‌ను ఓపెన్ డ్రెయిన్‌గానే, అంటే కిందికి లాగడానికి మాత్రమే వాడుతోందని ముందే రూఢి చేసుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్ ఐ టూ సీ ప్రోగ్రామ్‌లు పిన్‌ను పైకి కూడా నెడతాయి. అలాంటి పిన్‌కు ఇలా మీటర్ పెడితే పిన్ దెబ్బతినవచ్చు.

దీన్నే ఇంకో దారిలోనూ సరిచూశారు. లైన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 100 పికో ఫారడ్‌ల సీ0జీ సిరామిక్ కెపాసిటర్‌ను అదనంగా పెట్టి, 10–90 టైమ్ మళ్లీ కొలిచారు. 1.90 నుంచి 2.93 మైక్రో సెకన్లకు పెరిగింది. పెరిగిన 1.03 మైక్రో సెకన్లు పూర్తిగా ఆ 100 పికో ఫారడ్‌ల వల్ల వచ్చినవే. దాన్ని 2.197తో, 100 పికో ఫారడ్‌లతో భాగిస్తే 4.7 కిలో ఓమ్‌లే వస్తాయి. ప్రోబ్ రెండు కొలతల్లోనూ ఉంది గనుక తీసివేతలో దాని వాటా కొట్టేసుకుపోతుంది. ఈ పనికి ఎక్స్7ఆర్ కెపాసిటర్ వద్దు, వోల్టేజ్, ఉష్ణోగ్రతలను బట్టి దాని విలువ మారుతుంది.

ఇక సీ: 865 నానో సెకన్లను 4.7 కిలో ఓమ్‌లతో భాగిస్తే 184 పికో ఫారడ్‌లు. ప్రోబ్ 12 తీసేస్తే లైన్ సొంతంగా మోస్తున్నది 172. ప్రోబ్ లేనప్పుడు 30–70 రైజ్ టైమ్ 685 నానో సెకన్లు. 300కు రెండు రెట్ల పైన, 1000కి లోపల. 100 కిలో హెర్ట్జ్ దగ్గర తప్పు లేకుండా, 400 దగ్గర తప్పులతో నడవడానికి కారణం ఇదే.

ఈ 172 ఎక్కడిది? కేబుల్ పీకి మళ్లీ కొలిస్తే 10–90 టైమ్ 0.98 మైక్రో సెకను. అంటే ప్యానెల్ లోపలి వాటా, ప్రోబ్ తీసేశాక, 83 పికో ఫారడ్‌లు. కేబుల్, సెన్సర్ బోర్డు కలిపి 89. కేబుల్ మీటరుకు సుమారు 47 పికో ఫారడ్‌లు, 1.6 మీటర్లకు 75, మిగిలినది సెన్సర్ బోర్డుది. ఇది ఊహించినదే. ప్యానెల్ లోపల 83 మాత్రం ఎక్కువ. స్పెసిఫికేషన్ ప్రకారం ఒక్కో పిన్‌కు 10కి మించకూడదు, రెండు చిప్‌లకు 20. ట్రాక్‌లకు ఇంకో 20 అనుకున్నా 40 దగ్గర ఆగాలి. మిగతా 40 పైచిలుకు కనెక్టర్ పక్కనున్న ఈఎస్‌డీ ప్రొటెక్షన్ డయోడ్‌ది. దాని డేటాషీట్‌లో సున్నా వోల్టుల దగ్గర 40 పికో ఫారడ్‌లని ఉంది. పవర్ లైన్‌కు పెట్టే రకం డయోడ్‌ను సిగ్నల్ లైన్‌కు పెట్టారు.

డయోడ్ మారిస్తే సరిపోదా? సరిపోదు. అది పూర్తిగా పోయినా 132 పికో ఫారడ్‌లు మిగులుతాయి, 4.7 కిలో ఓమ్‌లతో 526 నానో సెకన్లు. కేబుల్ పీకేసిన ప్యానెల్ కూడా నిజానికి 331 నానో సెకన్ల దగ్గర, హద్దుకు కాస్త బయటే నడుస్తోంది. తప్పులు రాకపోవడం హద్దులో ఉన్నట్టు కాదు.

ప్రోబ్ ఎక్కడ పెడితే ఏమవుతుంది

ఇప్పుడు టెక్నీషియన్ మాటకు వద్దాం. ఐ టూ సీలో ఎస్‌సీఎల్ కింద ఉన్నప్పుడు ఎస్‌డీఏ మారుతుంది. ఎస్‌సీఎల్ పైకి లేచేలోపు ఎస్‌డీఏ స్థిరపడి, కనీసం 100 నానో సెకన్లు ఆగి ఉండాలి. క్లాక్ కింద ఉండే కాలం 1.3 మైక్రో సెకన్లు. అందులో సుమారు 0.3 గడిచాక ఎస్‌డీఏ మారుతుంది. మిగిలింది 1.0. ఎస్‌డీఏ సున్నా నుంచి 1గా లెక్కయ్యే 70 శాతానికి, అంటే 2.31 వోల్టులకు చేరడానికి 1.204 టౌ, అంటే 0.97 మైక్రో సెకను కావాలి. ఇక 100 నానో సెకన్ల సెటప్ టైమ్ ఎక్కడుంది? ఎస్‌సీఎల్ కూడా అంతే నెమ్మదిగా లేస్తుంది గనుక, ఆ ఆలస్యం కలిసొచ్చి లైన్ ఎలాగో గట్టెక్కుతోంది. అందుకే ఎప్పుడూ కాకుండా అప్పుడప్పుడు తప్పుతోంది.

×1 ప్రోబ్‌ను ఎస్‌డీఏ మీద పెడితే దాని సీ 272 పికో ఫారడ్‌లవుతుంది. 2.31 వోల్టులకు చేరడానికి 1.54 మైక్రో సెకన్లు పడుతుంది. ఎస్‌సీఎల్ మాత్రం పాత వేగంతోనే లేస్తుంది. పందెంలో డేటా ఓడిపోతుంది, 1 కాస్తా 0గా చదవబడుతుంది. అదే ప్రోబ్ ఎస్‌సీఎల్ మీదికి మారితే క్లాక్ వెనకబడుతుంది, డేటాకు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది, తప్పులు మాయమవుతాయి. ఇలా చూసి ఎస్‌సీఎల్‌కు ఒక కెపాసిటర్ తగిలించి వదిలేసేవాళ్లు ఉన్నారు. అది మరమ్మతు కాదు. క్లాక్ అంచు ఇంకా నెమ్మదవుతుంది, నాయిస్‌కు ఇంకా లోకువవుతుంది.

ఆ లోకువ ఎంతో లెక్కేయవచ్చు. సగం వోల్టేజ్ దగ్గర వాలు అంటే 1.65 వోల్టులను టౌతో భాగించినంత. టౌ 865 నానో సెకన్లయితే నానో సెకనుకు 1.9 మిల్లీ వోల్టులు. లైన్ మీద 100 మిల్లీ వోల్టుల నాయిస్ ఉంటే చిప్ అంచును గుర్తించే క్షణం అటూ ఇటూ 52 నానో సెకన్లు జరుగుతుంది. టౌ మూడో వంతుకు తగ్గితే ఈ ఊగిసలాట కూడా మూడో వంతుకు, సుమారు 17కు తగ్గుతుంది.

రెసిస్టర్ ఎంపిక

పుల్-అప్‌కు రెండు వైపులా హద్దులున్నాయి. పై హద్దు రైజ్ టైమ్ నుంచి వస్తుంది, కింది హద్దు ట్రాన్సిస్టర్ లాగగలిగే కరెంటు నుంచి వస్తుంది. 3 మిల్లీ యాంప్‌లు లాగుతూ లైన్‌ను 0.4 వోల్టుల లోపు ఉంచగలగాలన్నది స్పెసిఫికేషన్ షరతు.

```
Rmax = 300 ns / (0.847 × 172 pF) ≈ 2.06 kΩ
Rmin = (3.3 V − 0.4 V) / 3 mA    ≈ 967 Ω
```

ఈ మధ్యలో 1.8 కిలో ఓమ్‌లు పెడితే రైజ్ టైమ్ 262 నానో సెకన్లు, 1.5 పెడితే 219. 1.8తో సీ 197 పికో ఫారడ్‌ల వరకే పెరగవచ్చు, 1.5తో 236 వరకు పెరగవచ్చు. రేపు స్టోర్ రూమ్‌లో ఇంకో సెన్సర్ తగిలిస్తారు, కేబుల్ ఇంకో కంపెనీది వస్తుంది. కాబట్టి 1.5 మంచిది.

పాత 4.7 కిలో ఓమ్‌ల చిప్ రెసిస్టర్‌ను పీకే అవసరం రాలేదు. దానికి పారలల్‌గా 2.2 కిలో ఓమ్‌లు పెడితే దాదాపు 1.5 కిలో ఓమ్‌లవుతుంది. ఎస్‌పీ రోడ్‌లో ఏ దుకాణంలోనైనా దొరికే పావు వాట్ల, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు రెండు తెచ్చి, లైన్‌కొకటి చొప్పున అతికించారు. లైన్ కింద ఉన్నప్పుడు కరెంటు 2.2 మిల్లీ యాంప్‌లు, వేడి 7 మిల్లీ వాట్లకు కాస్త ఎక్కువ. కంగారు పడాల్సింది లేదు. రెసిస్టర్‌ను కేబుల్ ఏ చివర పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. 1.6 మీటర్లలో సిగ్నల్ ప్రయాణానికి పట్టేది పది నానో సెకన్ల లోపే, రైజ్ టైమ్ దానికి ఇరవై రెట్లు. కాబట్టి ఏ చివరైనా ఒకటే.

మార్చాక ×10 ప్రోబ్‌తోనే మళ్లీ కొలిస్తే 30–70 టైమ్ 234 నానో సెకన్లు, 10–90 టైమ్ 606. నిష్పత్తి 2.59. ప్రోబ్ తీస్తే ఇంకా 15 నానో సెకన్లు తగ్గుతుంది. క్లాక్ 320 నుంచి 370 కిలో హెర్ట్జ్‌కు పెరిగింది, లైన్ ప్రతి పీరియడ్‌లోనూ 3.3 వోల్టులకు చేరుతోంది. చెక్‌సమ్ తప్పులు ఆగిపోయాయి.

పుల్-అప్ తగ్గించాక మరిచిపోకుండా చూడాల్సింది ఇంకొకటుంది: కింది స్థాయి. కంట్రోలర్ లాగినప్పుడు కాదు, సెన్సర్ లాగినప్పుడు చూడాలి. ప్రతి బైట్ చివర తొమ్మిదో క్లాక్ దగ్గర బైట్ అందిందని సెన్సర్ ఇచ్చే ఏసీకే బిట్‌లో ఎస్‌డీఏ ఎంత కిందికి వచ్చిందో కొలిస్తే 0.18 వోల్టులు. 0.4కి దూరంగానే ఉంది. ఎక్కడైనా చిప్‌కూ లైన్‌కూ మధ్య 100 ఓమ్‌ల సిరీస్ రెసిస్టర్ ఉంటే, ఈ కరెంటుకు దాని మీదే ఇంకో 0.22 వోల్టులు పడేవి, హద్దు తాకేది.

కేబుల్‌లో తీగల వరుస కూడా మార్చారు. ముందు ఎస్‌సీఎల్, ఎస్‌డీఏ పక్కపక్కనే ఉన్నాయి. లైన్ పడేటప్పుడు ఆర్ అంటే పుల్-అప్ కాదు, ట్రాన్సిస్టర్ ఆన్ రెసిస్టెన్స్. అది 30 ఓమ్‌ల దగ్గర ఉంటే టౌ 5 నానో సెకన్లకు కాస్త పైన. లేవడం నెమ్మది, పడటం మహా వేగం. ఆ వేగపు అంచు తీగల మధ్య కెపాసిటెన్స్ గుండా పక్క లైన్‌లో గుంట వేస్తుంది, ఆ గుంట మళ్లీ పుల్-అప్ టౌతోనే నెమ్మదిగా పూడుతుంది. పొడవాటి బస్‌కు స్పెసిఫికేషన్ చెప్పిన వరుస ఎస్‌డీఏ, వీడీడీ, గ్రౌండ్, ఎస్‌సీఎల్. ఆ వరుసలో కనెక్టర్ నొక్కాక గుంటలు కనిపించలేదు.

400ను వదిలి 100 కిలో హెర్ట్జ్‌కు దిగితే ఈ తంటా అంతా తప్పేది కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. సెన్సర్ ఒక్కటే ఉంటే అదే మంచి సలహా. ఇక్కడ డిస్‌ప్లే అదే బస్ మీద ఉంది. ఒక ఫ్రేమ్‌కు 1024 బైట్లు, ఏసీకేతో కలిపి బైట్‌కు 9 బిట్లు. 100 దగ్గర ఒక ఫ్రేమ్‌కు 92 మిల్లీ సెకన్లు పడుతుంది, తెర మారుతుంటే కంటికి తెలుస్తుంది. 400 దగ్గర అది 23.

కేబుల్ పెంచాల్సి వస్తే లెక్క ఇలా నడుస్తుంది. 3 మీటర్లకు సీ 238 పికో ఫారడ్‌లు. 1.5 కిలో ఓమ్‌లతో 300 దాటిపోతుంది, 1.2కి దిగితే 242 నానో సెకన్లు. 5 మీటర్లకు 332 పికో ఫారడ్‌లు, 1 కిలో ఓమ్ పెట్టినా 281. కింది హద్దు 967 ఓమ్‌లు గనుక ఇంకా దిగడానికి చోటు లేదు. ఈ కేబుల్‌తో సుమారు 5.7 మీటర్ల దగ్గర సీ 366కు చేరి, పై హద్దూ కింది హద్దూ ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ తర్వాత ఏ రెసిస్టర్ పెట్టినా 3.3 వోల్టుల దగ్గర ఫాస్ట్ మోడ్ హద్దులో ఉండదు. స్పెసిఫికేషన్ 400 పికో ఫారడ్‌ల వరకు ఒప్పుకుంటుందన్న మాట పట్టుకుని అంత దూరం వెళ్లకూడదు. ఆ దూరానికి డిస్‌ప్లేను ప్యానెల్ లోపలి బస్ మీదే ఉంచి, సెన్సర్‌కు కంట్రోలర్‌లోని రెండో ఐ టూ సీ పోర్ట్ ఇచ్చి, దాన్ని 100 కిలో హెర్ట్జ్ దగ్గర 3.3 కిలో ఓమ్‌లతో నడిపితే 5 మీటర్ల దగ్గర కూడా రైజ్ టైమ్ 930 నానో సెకన్ల లోపు ఉంటుంది.